యాభై ఎనిమిదిలో అయిదు

డ్రాయింగు మీద తెల్ల డబ్బా పెట్టేవాళ్లంటే ఇనాయాత్‌కి ఒళ్లుమంట. కొలత మారింది కదా అని పాత అంకె చుట్టూ మౌసుతో ఒక చతురస్రం లాగి, దాన్ని తెల్లగా చేసేసి, పైన కొత్త అంకె కొట్టేస్తారు. అంకె మారుతుంది, కాదనడానికి లేదు. దానితోపాటు కింద ఉన్న రెండు సన్నగీతలూ, పక్కనున్న బాణం మొనా కూడా పోతాయి. లోహాన్ని కోసి లోపలిభాగం చూపించేచోట ఏటవాలుగా వరసగా గీస్తారే, ఆ హాచింగ్ గీతలు నాలుగైదు తెగి వేలాడతాయి. "మేకు పీకమంటే గోడే పీకేశారు" అని ఆవిడ అలాంటి కాగితాన్ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని, గీసినవాడి బల్ల మీదే పడేసి వచ్చేది.

ఇప్పుడు అలా పడేయడానికి ఇంకో బల్ల లేదు. అలెగ్జాండ్రియాలో ఖబ్బారి వైపు, రేవు గోడకి ఇవతల ఉన్న ఆ వర్క్‌షాపులో ఒకప్పుడు డ్రాయింగు గదిలో ఆరుగురు ఉండేవారు. ఇప్పుడు ఇనాయాత్ ఒక్కతే. కింద లేతు మిషన్లు, డ్రిల్లులు, నూనె వాసన. ఇనప మెట్లెక్కితే పైన ఆవిడ, ఆవిడ కంప్యూటరు, కిటికీలో పుదీనా మొక్క. పొలాల్లోని మురుగునీటిని తోడి సముద్రంలో పోసే పంపింగ్ స్టేషన్లకి కావలసిన విడిభాగాలు అక్కడ తయారవుతాయి. ఆ పంపులు తాతల కాలం నాటివి. వాటి డ్రాయింగులూ పాతవే.

ఆవిడకి యాభై రెండేళ్లు. ఇరవై రెండో ఏట ఉద్యోగంలో చేరింది. కింద పనివాళ్లందరికీ ఆవిడ "అబ్లా", అంటే అక్కయ్య. వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. గళ్ల దుప్పట్టా, ముక్కు మీదకి జారే కళ్లద్దాలు, మాటలో కొంచెం కారం. మనసులో మాత్రం అంత కారం లేదని అందరికీ తెలుసు కనక ఎవరూ నొచ్చుకోరు.

పని నేర్పింది ఉస్తాద్ లబీబ్. ఆ రోజుల్లో పల్చటి ట్రేసింగు కాగితం మీద సిరాతో గీసేవారు. అంకె మార్చాలంటే బ్లేడు మొనతో సిరాని గోకాలి. కాగితం చిరగకూడదు, పక్క గీతకి తగలకూడదు. గోకినచోట కాగితం గరుకెక్కుతుంది. దానిమీద అలాగే సిరా పెడితే పాకి, గీత లావెక్కుతుంది. అందుకని బొటనవేలి గోటితో రుద్ది రుద్ది నున్నగా చేశాకే కలం పెట్టాలి. "ముందు ఏది ముట్టుకోకూడదో చూడు, ఏది చెరపాలో తర్వాత చూద్దువుగాని" అనేవాడు ఆయన. ఆరు నెలలపాటు ఇనాయాత్ చేత పాడైపోయిన కాగితాల మీద ఉత్తుత్తి అంకెలు గోకించాడు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి, డ్రాయింగులన్నీ స్కాన్ చేశారు. చేసి మంచిపనే చేశారు. ఒక చలికాలం తుపానులో సముద్రం నేలమాళిగలోకొచ్చి అసలు కాగితాలన్నిటినీ గుజ్జు చేసి పోయింది. మిగిలినవి ఈ స్కాన్లే. స్కాన్‌లో గీత లేదు, అంకె లేదు. ఉన్నవన్నీ నల్లచుక్కలూ తెల్లచుక్కలూ. ఏ చుక్క అంకెదో, ఏ చుక్క గీతదో దానికి తెలియదు. ఆ తేడా చూడడమే ఇనాయాత్ బతుకుతెరువు. "శుభ్రం చేసే మీట ఒకటి ఉందటగా అబ్లా, ఒక్క నొక్కుతో మరకలన్నీ పోతాయట" అని ఎవరో అంటే, "పోతాయి. మరకలతోపాటు దశాంశం చుక్కలు కూడా పోతాయి. పన్నెండున్నర కాస్తా నూట ఇరవై అయిదవుతుంది. అంత లావు షాఫ్టు మీ ఇంట్లో పెట్టుకుందువుగాని" అంది.

జనవరిలో ఒక సోమవారం ఉదయం, కిటికీ బయట వాన పడుతుండగా ఇంజనీర్ షెహాబ్ పైకొచ్చాడు. వర్క్‌షాపు ఇప్పుడు ఆయనదే. ఆయన తండ్రి హాజీ మహ్రూస్ దగ్గర ఇనాయాత్ ఉద్యోగంలో చేరేనాటికి షెహాబ్ ఇంకా నిక్కర్లే. ఇప్పుడు బట్టతల, బొజ్జ, మూడు ఫోన్లు.

"అబ్లా, టీ తాగారా?"

"పొద్దున్నే మెట్లెక్కి వచ్చి టీ సంగతి అడుగుతున్నావంటే ఏదో మునిగిందన్నమాట. చెప్పు."

మునిగింది ఒక పంపు. డెల్టాలోని స్టేషన్ ఒకదానికి గత నెల పంపిన కంచు బుష్ పది రోజుల్లోనే కాలిపోయింది. బుష్ అంటే బేరింగు లోపల తిరిగే షాఫ్టుని పట్టుకునే గొట్టం లాంటిది. దానికి పక్కన ఒక చిల్లి ఉంటుంది. బయట ఉండే పోత ఇనుము గూటిలోనూ ఒక చిల్లి ఉంటుంది. ఆ రెండూ ఎదురెదురుగా కలిస్తే గ్రీజు లోపలికి వెళుతుంది. ఈ బుష్‌లో కలవలేదు. గూటి చిల్లి బుష్ అంచు నుంచి అరవై ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, బుష్ చిల్లి యాభై ఎనిమిది దగ్గరుంది. చిల్లి వెడల్పే ఎనిమిది కనక ఒకదాన్నొకటి తాకను కూడా తాకలేదు. గ్రీజు చుక్క దిగలేదు.

"మరి ఇన్నేళ్లూ?" అంది ఇనాయాత్. "ఆ బుష్ మనం ఎన్నిసార్లు చేసి పంపాం!"

"అదే విచిత్రం. అక్కడ ఓ ముసలి ఫిట్టరు ఉండేవాడట. మన బుష్ రాగానే ఒక చిల్లి నుంచి ఇంకో చిల్లి దాకా ఆకురాయితో గాడి తీసి బిగించేసేవాడు. ముప్పై ఏళ్లు! ఎవరికీ చెప్పలేదు. మనం కావాలనే అలా పంపుతున్నామనుకున్నాడట. పోయినేడు రిటైరయ్యాడు. కొత్తవాడు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే బిగించాడు."

ఇనాయాత్ కంప్యూటర్లో ఆ డ్రాయింగు తెరిచింది. బుష్ కోత బొమ్మ. హాచింగ్ గీతల మధ్య చిన్న ఖాళీలో అంకె: 58.

"అవును. యాభై ఎనిమిదే" అంది.

షెహాబ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. స్టేషన్ వాళ్లు డ్రాయింగు పంపమన్నారు. అందులో తప్పుంటే ముప్పై ఏళ్ల బుష్‌లన్నీ తవ్వుతారు, ఏడాది ఒప్పందం గోవిందా. అదే డ్రాయింగులో అరవై ఎనిమిదే ఉండి చిల్లి తప్పుగా పడిందనుకోండి, ఒక్క పనివాడి ఒక్క పొరపాటు. క్షమాపణ ఉత్తరం రాసి ఇంకో బుష్ ఊరికే ఇచ్చేస్తే సరిపోతుంది.

"ఆ ఒక్క పనివాడు ఎవరు?"

"చిల్లి వేసింది జగ్లూలే కదా."

కింద డ్రిల్లు దగ్గర నిలబడే ఉస్తా జగ్లూల్. చేతిలో పని ఉన్నవాణ్ణి అక్కడ ఉస్తా అంటారు. అతన్నైతే పేరు వదిలేసి ఉత్త "ఉస్తా" అని పిలిచినా ఎవర్నో అందరికీ తెలుస్తుంది.

"ఉత్తరంలో వాడి పేరు రాస్తావా?"

"అడుగుతున్నారబ్లా. బాధ్యుడెవరు, ఏం చర్య తీసుకున్నారు అని. కొన్నాళ్లు బేరింగు పని మాన్పించి పెరట్లో రాడ్లు కోయిస్తాను. స్టేషన్లలో బిగింపుకి వాణ్ణి ఇంక రానివ్వరనుకోండి, అదొకటి ఉంది. వాడు అర్థం చేసుకుంటాడు."

"వాడు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు."

"నాకు తెలీదా? అందుకే మీ దగ్గరికొచ్చాను. ఒక్క అంకె. అయిదుని ఆరు చెయ్యాలి. పక్కన మార్పు గుర్తు వద్దు, కింద పెట్టెలో వరస వద్దు. ఎప్పట్నుంచో అలాగే ఉన్నట్టుండాలి. హాచింగ్‌లో ఉన్న అంకె, వేరే ఎవడు ముట్టుకున్నా ఇట్టే దొరికిపోతుంది. మీరు చేస్తే ఆ దేవుడు కూడా కనిపెట్టలేడు."

పొగడ్త అన్నాక ఎవరికైనా కొంచెం ఎక్కుతుంది. ఇనాయాత్‌కీ ఎక్కింది. ఆ వెంటనే సిగ్గేసింది.

"మధ్యాహ్నం దాకా ఆగు" అంది.

ఆయన దిగి వెళ్లాక ఆవిడ బొమ్మని పెద్దది చేసింది. నాలుగు రెట్లు, ఎనిమిది, పదహారు. అరవై ఎనిమిది నిజమో కాదో ముందు తేల్చుకోవాలనిపించింది. డ్రాయింగు మీద స్కేలు పెట్టి కొలవకూడదనేది మొదటి పాఠం. కాగితం సాగుతుంది, ముడుచుకుంటుంది, స్కాన్ ఇంకో రకంగా లాగుతుంది. కానీ ఒక కొలతతో ఇంకో కొలతని పోల్చి చూడొచ్చు. బుష్ మొత్తం పొడవు నూట యాభై. ఆ పొడవులో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టింది. అంచు నుంచి చిల్లి నడిగీత దాకా ఎన్నో లెక్కపెట్టింది. భాగిస్తే అరవై ఎనిమిదికి కాస్త పైన వచ్చింది. అంటే గీసినవాడు చిల్లిని సరైన చోటే గీశాడు. కావాలని చిల్లి జరిపి, బొమ్మ మార్చకుండా ఒట్టి కొలతే మార్చి ఉంటే ఆ అంకె కింద అడ్డగీత పెట్టేవారు. అది ఆ వృత్తిలో నియమం. ఇక్కడ అడ్డగీత లేదు. బొమ్మ ముప్పై ఏళ్లుగా నిజం చెబుతోంది, అంకె అబద్ధం చెబుతోంది.

ఎవరి అంకె ఇది?

కింద మూలనున్న మార్పుల పెట్టెలో రెండు వరసలు. ఎ: తొలిసారి ఇచ్చినది. బి: కంచు రకం పేరు మార్చడమైనది, 1990 అక్టోబరు. బి వరస చివర రెండు పొడి అక్షరాలు, లబీబ్ గిర్గిస్‌వి. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

ఉస్తాద్ లబీబ్ అంకె తప్పు రాశాడంటే ఇనాయాత్ నమ్మలేకపోయింది. ఈ డ్రాయింగు మొదట గీసిందీ ఆయనే. ఆయన అంకెలన్నీ చేత్తో రాసేవాడు, అన్నీ కుడివైపుకి కొంచెం వాలి ఉంటాయి, ఎదురుగాలిలో నడిచేవాళ్లలా. తెర మీద ఎనిమిదిని చూసింది. వాలి ఉంది, ఆయనదే. అయిదుని చూసింది.

అయిదు నిటారుగా ఉంది.

కొనలు గుండ్రంగా, మందం ఎక్కడా మారకుండా, అంకెల ఆకారంలో చిల్లులున్న రేకు పెట్టి రాసిన అయిదు. డ్రాయింగు గదిలో మొదటి ఏడాది ఎవర్నీ చేత్తో అంకెలు రాయనిచ్చేవారు కాదు. రేకు పెట్టుకునే రాయాలి. 1990 అక్టోబరులో ఆ గదిలో రేకు పెట్టుకుని రాసే మనిషి ఒక్కతే ఉంది.

అంకె పక్కనున్న హాచింగ్ గీతల్ని చూసింది. మూడు గీతలు మిగతావాటికన్నా చుక్కంత లావుగా ఉన్నాయి. గోకినచోట మళ్లీ గీస్తే సిరా పాకి అయ్యే లావు అది.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. చేరి అప్పటికి ఏడు నెలలు. మొదటిసారి నిజం కాగితం చేతికిచ్చారు. కంచు రకం పేరు మార్చాలి, అంతే. ఆ పేరు నుంచి ఒక బాణం హాచింగ్‌లోకి దిగుతుంది, సరిగ్గా ఈ కొలత పక్కకి. కొత్త పేరు పొడుగు కనక బాణాన్నీ జరపాలి. దాని మొన గోకుతుంటే బ్లేడు జారింది. మూడు హాచింగ్ గీతలూ, కొలతలో మొదటి అంకే ఎగిరిపోయాయి. ఏ అంకె పోయిందో తెలియలేదు. బీరువాలో పాత ప్రింటు ఒకటి దొరికింది. సరిగ్గా ఆ అంకె మీదుగా మడత. మడతలో ఆరు పొట్ట ఎడమవైపు తెల్లబడి అయిదులా కనిపించింది. అడగొచ్చు. ఉస్తాద్ లబీబ్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కానీ అడిగితే బ్లేడు జారిన సంగతి చెప్పాలి. అడగలేదు. రేకు పెట్టి అయిదు రాసేసింది.

హాచింగ్ గాయం మాత్రం దాగలేదు. సాయంత్రం ఆయన చూశాడు. తిట్టకుండా తనే కూర్చుని మూడు గీతలూ మళ్లీ గీశాడు. అంకె ఆవిడ రాసింది కాబట్టి చూసే రాసి ఉంటుందనుకుని సంతకం పెట్టాడు. మర్నాడు హాజీ మహ్రూస్ ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని, "లబీబ్, వయసైపోతోందా? ఈ గీతలేంటి తాడులా?" అని అందరి ముందూ దులిపేశాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఇనాయాత్ తల వంచుకుని పెన్సిలు చెక్కుకుంది.

ఆ నవ్వు తల్చుకుని ఆవిడకి ఇప్పుడు ఏడుపొచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుని, టీ పెట్టుకుని, తాగకుండా పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం షెహాబ్ వచ్చేసరికి ఆవిడ అంతా చెప్పేసింది. మూడు గీతలు చూపించింది, నిటారు అయిదు చూపించింది. ఆయన నోరు తెరుచుకుని చూశాడు.

"ఇంత చిన్న అంకెలో ఇంత కథా!"

"కథ కాదు, నా నిర్వాకం."

"సరే. మీరన్నారు, నేను విన్నాను, ఇక్కడితో వదిలేయండి. జగ్లూల్ని ఇరికించడం మీకిష్టం లేదు, సరే మానేద్దాం. మార్పు వరస రాద్దాం. బి మార్పులో తప్పు పడింది, సరిదిద్దాం అని. బి మీద ఎవరి సంతకముందో వాళ్లే చూసుకుంటారు. ఉస్తాద్ లబీబ్ ఎటూ లేడు. చచ్చిపోయినాయనకి ఇంక నష్టమేముంది?"

"ఆయన బతికుండగానే నా తప్పుకి ఒకసారి తిట్లు తిన్నాడు. పోయాక కూడా తినాలా?"

"అబ్లా, మీకు తెలీడంలేదు. స్టేషన్ వాళ్లు మిమ్మల్ని పిలుస్తారు. కమిటీ ముందు నిలబెడతారు. రేపు మీరు గీసిన ప్రతిదాన్నీ ఒకటికి రెండుసార్లు కొలుస్తారు. ముప్పై ఏళ్ల పేరండీ అది!"

"కొలవనీ. నాయనా షెహాబ్, నువ్వొచ్చి అంకె మార్చమన్నావు, మారుస్తాను. ఎలా మార్చాలో మాత్రం నాకు చెప్పకు."

ఆయన మొహం మాడ్చుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. వెళ్లిపోలేదు. ఇనాయాత్ పని మొదలుపెట్టింది.

మొదట ఫైలుని వేరే పేరుతో భద్రం చేసుకుంది, ఒక్క చుక్క కూడా నొక్కుకుపోని పద్ధతిలో. ఫొటోలు పంపుకునే రకంగా దాస్తే గీతల అంచుల చుట్టూ బూజు పడుతుంది. స్కాన్ కొంచెం వంకరగా ఉంది, అరడిగ్రీ కన్నా తక్కువ. దాన్ని నిటారు చెయ్యాలన్న బుద్ధి పుట్టకూడదు. తిప్పితే చుక్కలన్నీ చోట్లు మారిపోతాయి, సన్నగీతలు మెట్లుమెట్లుగా విరుగుతాయి. వంకరని వంకరగానే ఉండనిచ్చింది.

అయిదు అడుగుభాగం ఒక హాచింగ్ గీతకి ఆనుకుని ఉంది. అయిదుని ఒక్క పట్టున ఎంచుకుంటే దాన్ని ఆనుకున్న గీత, ఆ గీతని ఆనుకున్న అంచు, అలా బుష్ మొత్తం చేతికొచ్చేస్తుంది. అందుకని ముందు ఆ రెండూ తాకినచోట చుక్కలు ఒక్కొక్కటే చెరిపి, అంకెనీ గీతనీ విడదీసింది. ఇప్పుడు అయిదు ఒంటరిదైంది. ఎంచుకుని తీసేసింది. తీసినచోట గీతకి చిన్న నొక్కు పడింది. దాన్ని నింపాలి. హాచింగ్ అంటే నలభై అయిదు డిగ్రీలు కదా అని కంప్యూటరు చేత నలభై అయిదులో గీయిస్తే ఈ వంకర స్కాన్‌లో ఆ ముక్క అతకదు. గీతకి అటు కొన, ఇటు కొన చూసుకుని, ఆ రెండిటి దారిలోనే, ఆ గీత మందమే లెక్కపెట్టి చుక్కలు నింపింది.

"లావైన ఆ మూడు గీతలు కూడా సన్నం చేసేస్తారా?" అన్నాడు షెహాబ్ వెనకనుంచి. కోపం ఎక్కడో జారిపోయి కుతూహలం మిగిలినట్టుంది.

"వాటిని ముట్టుకోను. అవి ఆయన గీసినవి."

ఆరు కావాలి. టైపు చేస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే కాగితంలో ఇంకోచోట నూట అరవై ఉంది, ఉస్తాద్ లబీబ్ చేత్తో రాసినది, అదే ఎత్తు. అందులో ఆరుని తీసుకుంది. ఒట్టి నల్లచుక్కలే, చుట్టూ ఉన్న తెలుపు కాదు. తెలుపుతో సహా తెస్తే మళ్లీ తెల్ల డబ్బా పెట్టినట్టే, కింద గీతలు మాయమవుతాయి. ఎనిమిది పక్కన, దాని వాలుతో కలిసేలా కూర్చోబెట్టింది. ఆరు పొట్ట అయిదు కన్నా వెడల్పు. ఎడమవైపు గీత మొనకి తగలబోయింది. ఆ మొనని రెండు చుక్కలు వెనక్కి లాగింది. అంకెకీ గీతకీ మధ్య తెల్లటి సందు మిగలాలి. లేకపోతే ప్రింటులో ఆరు కాస్తా ఎనిమిదై కూర్చుంటుంది.

68.

అయిదు పోయింది. ఎక్కడా గాయం లేదు. షెహాబ్ ముక్కు తెరకి ఆనించి వెతికి, "నిజంగా దేవుడు కూడా కనిపెట్టలేడు" అన్నాడు మెల్లగా.

ఇక్కడ ఆపేస్తే సరిపోయేది. ఇనాయాత్‌కి ఆ క్షణంలో ఆపాలనే అనిపించింది. అబద్ధమెందుకు, బాగా అనిపించింది. ముప్పై ఏళ్ల కిందట బ్లేడు జారినట్టు షెహాబ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. చెయ్యి మౌసు మీదే ఉంచుకుని కాసేపు కూర్చుంది.

తర్వాత 68 పక్కన, హాచింగ్ బయట ఖాళీలో, చిన్న త్రిభుజం పెట్టి అందులో సి అని రాసింది. కింద పెట్టెలో మూడో వరస నింపింది: "చిల్లి దూరం 58 తప్పు, 68 సరి. తప్పు బి మార్పు నాటిది. ఆ అంకె రాసినది, ఇప్పుడు దిద్దినది: ఇనాయాత్ అబ్దుల్ ముయిజ్." పెట్టె ఇరుకు. పేరు పట్టక అక్షరాలు చిన్నవి చేయాల్సివచ్చింది.

షెహాబ్ చదివాడు. "ఆ పేరు తీసేయండబ్లా. బతిమాలుతున్నా. మిగతాదంతా ఉంచండి."

"తీయాలంటే నాకంటే బాగా తీసేవాళ్లు ఈ ఊళ్లో లేరు. తీయను."

ఆయన చివరికి జేబులోంచి పెన్ను తీసి, ఆవిడ తీసిచ్చిన ప్రింటు మీద అనుమతి గడిలో సంతకం పెట్టాడు. సాయంత్రంలోగా స్టేషనుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతలివాళ్లు అరవలేదు. కొత్త బుష్‌లు ఆరు పంపమన్నారు. పాతవాటి జాబితా ఇమ్మన్నారు. ఒప్పందం ఉంటుందో ఊడుతుందో వచ్చే నెల చెబుతామన్నారు.

మర్నాడు పొద్దున్న ఇనాయాత్ కొత్త ప్రింటు పట్టుకుని తనే కిందికి దిగింది. మామూలుగా మెట్ల చివర వేలాడే బుట్టలో పడేస్తుంది, కిందవాళ్లు తీసుకుంటారు. ఆవిడ దిగడం చూసి లేతుల దగ్గర ఇద్దరు తలలు ఎత్తారు. ఉస్తా జగ్లూల్ డ్రిల్లు ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకుని, నిన్నటి టిఫిను డబ్బా పక్కకి జరిపి ఆవిడకి బల్ల చూపించాడు.

"దయచేయండబ్లా. మా పాతాళానికి దిగొచ్చారు, ఏంటి విశేషం?"

ఆవిడ ప్రింటు పరిచింది. అతను కొలతల మీద వేలు ఆనించి చదువుకుంటూ వచ్చి, 68 దగ్గర ఆగాడు. త్రిభుజం చూశాడు. కింద వరస చదివాడు, పెదాలు కదుపుతూ, రెండుసార్లు.

"తప్పు నాది ఉస్తా. నువ్వు చేసిన బుష్‌లన్నీ నా అంకె వల్ల చెడ్డాయి. నిన్న నీ మీదకి రాబోయింది కూడా. నన్ను క్షమించు."

జగ్లూల్ ప్రింటుని సుతారంగా మడతలు లేకుండా సాపు చేశాడు.

"నేను చేరిన కొత్తలో, అబ్లా, పాత బుష్ ఒకటి తుక్కులో దొరికింది. దాని చిల్లి మన చిల్లి కన్నా దూరంగా ఉంది. కొలిచాను. అరవై ఎనిమిదుంది. దాన్ని పట్టుకుని పైకొచ్చాను, మిమ్మల్ని అడుగుదామని."

"ఎప్పుడు?"

"తొంభై నాలుగో, తొంభై అయిదో. మీరేదో గోకుతున్నారు. నేను మెట్ల దగ్గర నిలబడి చెప్పాను. మీరు తల ఎత్తకుండానే, 'కాగితంలో ఏముందో అది చెయ్యి ఉస్తా, తుక్కులో ఏముందో నాకెందుకు' అన్నారు. దిగొచ్చేశాను."

ఇనాయాత్ ఎంత గింజుకున్నా ఆ రోజు గుర్తుకు రాలేదు. బ్లేడు జారిన రోజు గుర్తుంది, మడత పడ్డ ప్రింటు గుర్తుంది. ఇతను మెట్ల దగ్గర బుష్ పట్టుకుని నిలబడ్డ రోజు మాత్రం ఎక్కడా లేదు. అతను అబద్ధమాడడు. తనకి ఆ మాట మాట కాదు కాబట్టి గుర్తు లేదు, అంతే. బ్లేడు జారడం కన్నా ఇది పెద్ద తప్పు అనిపించింది.

"తర్వాత ఇంకెప్పుడూ పైకి రాలేదే?"

"ఎందుకు రావడం?" అన్నాడు జగ్లూల్. అందులో నిష్ఠూరం లేదు. ఇవాళ వానొస్తోంది అన్నట్టు అన్నాడు.

ఆవిడ బోర్లించిన చెక్కపెట్టె ఒకటి లాక్కుని దాని మీద కూర్చుంది. కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"ఉస్తా, ఇలా తేడా ఉందనిపించి నువ్వు అడగకుండా ఊరుకున్న డ్రాయింగులు ఇంకా ఉన్నాయా?"

అతను ఆవిడ మొహం వంక ఓ నిమిషం చూశాడు, నిజంగానే అడుగుతోందా అని. తర్వాత వెళ్లి తన ఇనప బీరువా తలుపు తెరిచాడు. తలుపు లోపలివైపు, రంగు ఊడిన రేకు మీద, సీమసుద్దతో డ్రాయింగు నంబర్లు వరసగా రాసి ఉన్నాయి. కొన్ని పాతబడి చెరిగిపోయి, మళ్లీ దిద్ది ఉన్నాయి.

"తొమ్మిదున్నాయబ్లా" అన్నాడు.

ఇనాయాత్ ప్రింటు వెనక్కి తిప్పి, చెవి పక్కనుంచి పెన్సిలు తీసింది.

"మొదటిది చెప్పు."